బదిలీ భత్యం: చేతికెంత, పన్నుకెంత

హైదరాబాద్ ఆఫీసు నుంచి పుణె ఆఫీసుకు బదిలీ అయిన ఉద్యోగికి వచ్చే కాగితంలో సామాను తరలింపు గురించి సాధారణంగా ఒక్క వాక్యమే ఉంటుంది. కొన్ని కంపెనీలు ‘రీలొకేషన్ అలవెన్స్‌గా ఒకేసారి లక్ష రూపాయలు ఇస్తాం’ అని రాస్తాయి. మరికొన్ని ‘లక్ష రూపాయలకు మించకుండా, బిల్లుల ప్రకారం అయిన ఖర్చు ఇస్తాం’ అని రాస్తాయి. రెండింట్లోనూ కనిపించేది అదే లక్ష. చేతికొచ్చేది మాత్రం ఒకే మొత్తం కాదు. ఎంత తేడా వస్తుందో లెక్క వేసుకోకుండా సంతకం పెట్టేవాళ్లే ఎక్కువ. ‘బిల్లులకు పన్ను ఉండదు కాబట్టి అదే మంచిది’ అని ఒకరంటారు. ‘రొక్కం తీసుకుంటే బిల్లుల బాధ ఉండదు’ అని ఇంకొకరంటారు. రెండూ సగం సగం నిజాలే. వీటి మధ్య మూడో దారి ఒకటి ఉంది. చట్టం ఇచ్చినా చాలామంది వాడుకోని ఆ దారి గురించి చెప్పడమే ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 10(14) అనేది ఉంది. ఉద్యోగ బాధ్యతల కోసం ప్రత్యేకంగా ఇచ్చే కొన్ని భత్యాలకు, ఆ పనికి నిజంగా ఖర్చయినంత మేరకు, పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్ అది. ఏయే భత్యాలు దీని కిందికి వస్తాయో రూల్ 2బీబీ చెబుతుంది. ఆ జాబితాలో మొదటిదే పర్యటన లేదా బదిలీ ప్రయాణ ఖర్చుల భత్యం. బదిలీ సందర్భంగా సామాను ప్యాకింగ్‌కూ, రవాణాకూ ఇచ్చే సొమ్ము కూడా అందులో భాగమేనని రూల్ స్పష్టంగా చెబుతుంది. దాని పక్కనే, బదిలీ ప్రయాణ కాలంలో అయ్యే రోజువారీ ఖర్చుల భత్యం ఉంటుంది. ఇప్పుడు 2025 నాటి కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి రావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి. అయినా పేరోల్ విభాగాల్లో అందరి నోటా ఇంకా పాత నంబర్లే వినిపిస్తాయి కాబట్టి ఇక్కడా వాటినే వాడుతున్నాను. లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరపు రేట్లతో వేసినవి.

కొత్త పన్ను విధానంలో ఇంటి అద్దె భత్యం మినహాయింపు పోయింది, సెలవు ప్రయాణ రాయితీ పోయింది. దాంతో బదిలీ భత్యం మినహాయింపు కూడా పోయిందని చాలామంది అనుకుంటారు. కొన్నిచోట్ల హెచ్‌ఆర్ వాళ్లే అలా చెబుతారు. అది పొరపాటు. పర్యటన, బదిలీ ఖర్చుల భత్యాలూ, వాటితో పాటు ఉద్యోగ పనిమీద తిరిగే ఖర్చుల భత్యమూ కొత్త విధానంలోనూ కొనసాగుతాయని 2020 జూన్‌లో రూల్ 2బీబీని సవరించి మరీ చెప్పారు. అంటే కొత్త విధానంలో ఉన్న ఉద్యోగి కూడా బదిలీ బిల్లులు చూపించి ఆ మేరకు పన్ను తప్పించుకోవచ్చు.

ఇక్కడ రెండు షరతులున్నాయి. ఒకటి, మినహాయింపు వచ్చేది నిజంగా ఖర్చయిన మొత్తానికే. లక్ష ఇచ్చి డెబ్బై వేలే ఖర్చయితే మిగిలిన ముప్పై వేలు జీతంలో కలుస్తాయి. రెండు, అది బదిలీ అయి ఉండాలి. ఈ రెండో షరతు గురించి తర్వాత వివరంగా మాట్లాడుకుందాం. ముందు లెక్క చూద్దాం.

ఏడాదికి 18 లక్షల జీతం, కొత్త పన్ను విధానం, భార్యాభర్తలూ ఇద్దరు పిల్లలూ, హైదరాబాద్ నుంచి పుణెకు బదిలీ అనుకుందాం. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 17.25 లక్షలు. ఇది 16 నుంచి 20 లక్షల స్లాబులో ఉంది. ఆ స్లాబు రేటు 20 శాతం, దానిమీద 4 శాతం సెస్సు. అంటే ఈ ఉద్యోగికి అదనంగా వచ్చే ప్రతి వంద రూపాయలకూ 20 రూపాయల 80 పైసలు పన్నుకు పోతాయి. ఇంట్లో ఖర్చులు ఇలా అయ్యాయనుకుందాం. ప్యాకర్స్ అండ్ మూవర్స్‌కు 38,000, దాని మీద 18 శాతం జీఎస్టీతో కలిపి 44,840. కారు ట్రాలీ మీద పంపినందుకు 12,000. నలుగురి ప్రయాణం టికెట్లు 14,160. ఈ మూడూ కలిపి 71,000. మూడింటికీ బిల్లులున్నాయి, మూడూ రూల్ పరిధిలోకి వస్తాయి. ఇవి కాక పుణెలో ఇల్లు చూపించినందుకు బ్రోకరుకు 25,000, పిల్లల స్కూలు అడ్మిషన్లకు 20,000 అయ్యాయి. ఇల్లు మారిన కుటుంబానికి ఇవీ తప్పని ఖర్చులే. కానీ సామాను ప్యాకింగ్, రవాణా, ప్రయాణం అన్న మాటల్లో ఇవి ఇమడవు కాబట్టి పేరోల్ వాళ్లు సాధారణంగా వీటికి మినహాయింపు ఇవ్వరు. మొత్తం ఖర్చు 1,16,000.

మొదటి పద్ధతిలో కంపెనీ లక్ష ఇచ్చి, మొత్తాన్నీ జీతంలో కలిపి పన్ను కోస్తుంది. 20,800 పోగా చేతికి 79,200 వస్తుంది. 1,16,000 ఖర్చులో ఉద్యోగి జేబులోంచి పడేది 36,800. రెండో పద్ధతిలో కంపెనీ బిల్లుల ప్రకారం 71,000 ఇస్తుంది. దానిమీద పన్ను లేదు. కానీ బ్రోకరు సొమ్మూ స్కూలు సొమ్మూ బిల్లుల లెక్కలోకి రావు కాబట్టి జేబులోంచి పడేది 45,000. పన్ను కట్టిన తర్వాత కూడా లక్ష రొక్కం తీసుకున్న మనిషే 8,200 మేర మెరుగ్గా ఉన్నాడు. ‘రీయింబర్స్‌మెంట్‌కు పన్ను ఉండదు కాబట్టి అదే లాభం’ అన్న వాదన ఇక్కడే తేలిపోతుంది. పన్ను లేకపోవడం ఒక్కటే చూసి, కంపెనీ ఇవ్వకుండా మిగుల్చుకున్న 29,000ను ఆ వాదన మరచిపోతుంది.

రెండు పద్ధతులూ సరిసమానం అయ్యే చోటు ఎక్కడుందో పట్టుకోవడం కష్టం కాదు. లక్షలోంచి పన్ను పోగా మిగిలేది 79,200. చట్టం ఒప్పుకునే బిల్లులు అంతకన్నా తక్కువైతే పన్ను కట్టిన రొక్కమే నయం, ఎక్కువైతే రీయింబర్స్‌మెంట్ నయం. ఇదే ఉద్యోగి సామాను విశాఖపట్నం నుంచి గురుగ్రామ్‌కు వెళ్లి బిల్లులు 95,000 అయి ఉంటే, రీయింబర్స్‌మెంట్ 15,800 ఎక్కువ ఇచ్చేది. 24 లక్షలు దాటిన స్లాబులో సెస్సుతో కలిపి రేటు 31.2 శాతం. ఆ ఉద్యోగికి లక్షలో మిగిలేది 68,800 మాత్రమే. ఇదే 71,000 బిల్లులతో అతనికి రీయింబర్స్‌మెంటే కాస్త మెరుగు. జీతం పెరిగేకొద్దీ బిల్లుల వైపు మొగ్గడానికి కారణం ఇదే. పెళ్లికాని కుర్రాడు రెండు సూట్‌కేసులూ ఒక బైకూ తీసుకుని వెళ్తుంటే మాత్రం ఏ స్లాబులో ఉన్నా రొక్కమే తీసుకోవాలి.

ఇప్పుడు మూడో దారి. అదే లక్షను కంపెనీ బదిలీ భత్యంగా ఇస్తుంది. ఉద్యోగి 71,000 బిల్లులు పేరోల్‌కు ఇస్తాడు. సెక్షన్ 10(14) ప్రకారం ఆ 71,000కు మినహాయింపు వస్తుంది. మిగిలిన 29,000 మీదే పన్ను, అంటే 6,032. చేతికొచ్చేది 93,968, జేబులోంచి పడేది 22,032. మొదటి పద్ధతితో పోలిస్తే 14,768 ఆదా. కంపెనీకి అదనంగా ఒక్క రూపాయి ఖర్చు లేదు. అది మొదటి పద్ధతిలోనూ లక్షే ఇచ్చింది, ఇక్కడా లక్షే ఇచ్చింది. అసలు చూడాల్సింది సొమ్ము పేరును కాదు. బిల్లులు పేరోల్‌కు చేరాయా, ఆ సొమ్మును బదిలీ ఖర్చుల కోసమని కాగితం మీద రాశారా అన్నదే. ‘అలవెన్స్ అంటే పన్ను, రీయింబర్స్‌మెంట్ అంటే పన్ను లేదు’ అని కంఠతా పట్టినవాళ్లు ఈ దారిని చూడకుండానే వెళ్లిపోతారు.

పేరోల్ వాళ్లు ఈ దారిని ఎందుకు చూపించరంటే, వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో రీలొకేషన్ అలవెన్స్ అనే పద్దును చాలాచోట్ల పూర్తిగా పన్ను పడేదిగా పెట్టి ఉంచుతారు. అందులో బిల్లులు ఎక్కించే చోటే ఉండదు. అలాంటప్పుడు ముందే మెయిల్ రాసి, బదిలీ ఉత్తర్వు, బిల్లులు జతచేసి, మినహాయింపు ఇచ్చి టీడీఎస్ కోయమని అడగాలి. ఒప్పుకోకపోతే దారి మూసుకుపోదు. రిటర్న్ వేసేటప్పుడు జీతం వివరాల కింద మినహాయింపు ఉన్న భత్యాల జాబితాలో సెక్షన్ 10(14)(i) ఎంచుకుని 71,000 వేసుకోవచ్చు. అయితే ఫారం 16లో లేని మినహాయింపు రిటర్న్‌లో కనిపిస్తే శాఖ వివరణ అడిగే అవకాశం ఉంది. బదిలీ ఉత్తర్వు, బిల్లులు, చెల్లింపుల బ్యాంకు ఆధారాలు దగ్గరుంటే జవాబు తేలిక. లేకపోతే వడ్డీతో సహా కట్టాలి. దొంగ బిల్లు పెట్టి క్లెయిమ్ చేస్తే ఆదాయాన్ని తప్పుగా చూపినందుకు ఎగ్గొట్టిన పన్నుకు రెట్టింపు జరిమానా పడుతుంది. పేరూ చిరునామా ఉన్నా జీఎస్టీ నంబరు సరిపోలని మూవర్స్ బిల్లులు చాలానే తిరుగుతుంటాయి. బిల్లు తీసుకునే ముందే జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు వెతికి, పేరు కలుస్తుందో లేదో చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. బిల్లుతో పాటు లారీ రసీదు కూడా అడగాలి. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ తేదీన, ఏ బండి మీద సామాను వెళ్లిందో దాని మీదే ఉంటుంది.

18 లక్షల ఉద్యోగికి ఇది పద్నాలుగు వేల సంగతి. నిజమైన దెబ్బ పడేది మాత్రం 12 లక్షల చుట్టుపక్కల జీతం ఉన్నవాళ్లకు. కొత్త విధానంలో పన్ను ఆదాయం 12 లక్షలు దాటకపోతే సెక్షన్ 87ఏ రిబేటు వల్ల పన్ను సున్నా. ఒక ఉద్యోగి జీతం 12.5 లక్షలు అనుకోండి. స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 11.75 లక్షలు. పన్ను లేదు. ఈ ఉద్యోగికి బదిలీ మీద లక్ష రొక్కం వచ్చి, మొత్తం జీతంలో కలిస్తే ఆదాయం 12.75 లక్షలవుతుంది. రిబేటు పోతుంది. మొత్తం ఆదాయం మీద స్లాబుల ప్రకారం 71,250, సెస్సు 2,850, కలిపి 74,100 పన్ను. లక్ష రూపాయల భత్యంలో చేతికి మిగిలింది 25,900. పరిమితి కొద్దిగా దాటినవాళ్లను కాపాడే మార్జినల్ రిలీఫ్ ఉంది కదా అంటే, పన్ను పరిమితికి మించిన ఆదాయం కన్నా ఎక్కువ కాకూడదన్నది దాని సూత్రం. ఇక్కడ మించిన ఆదాయం 75,000, పన్ను 71,250. కాబట్టి ఆ రిలీఫ్ ఇక్కడ అక్కరకు రాదు.

ఇదే మనిషి 71,000 బిల్లులకు మినహాయింపు తీసుకుంటే జీతంలో కలిసేది 29,000. ఆదాయం 12.04 లక్షలు. పరిమితి కన్నా నాలుగు వేలే ఎక్కువ కాబట్టి ఇప్పుడు మార్జినల్ రిలీఫ్ పనిచేస్తుంది. పన్ను 4,000, సెస్సు 160. చేతికి 95,840. ఒకే లక్ష, ఒకే ఇల్లు మారడం, తేడా దాదాపు డెబ్బై వేలు. పేరోల్‌కు మెయిల్ రాయడం బద్ధకమనిపించే చిన్న ఉద్యోగికి ఈ లెక్క తప్పకుండా చూపించాలి. ఎందుకంటే అతనికి పోయేది ఒక నెల జీతంలో పెద్ద భాగం. ఈ హద్దు దగ్గర ఉన్నవాళ్లు కంపెనీ బిల్లుల ప్రకారమే ఇస్తానంటే బేరమాడకుండా ఒప్పుకోవడం కూడా తెలివైన పనే. 71,000 పూర్తిగా చేతికొస్తుంది, రిబేటు నిలబడుతుంది.

ఇప్పటివరకూ చెప్పిందంతా ఒకే యాజమాన్యం కింద ఊరు మారిన ఉద్యోగికి వర్తిస్తుంది. కొత్త కంపెనీలో చేరడానికి ఊరు మారినవాళ్ల పరిస్థితి వేరు. రూల్‌లో ఉన్నది బదిలీ అనే మాట. పాత కంపెనీ వదిలి కొత్త చోట చేరడం బదిలీ కాదన్నది చాలా కంపెనీలు పాటించే జాగ్రత్త వైఖరి. చేరేముందు ఇచ్చే సొమ్ము కూడా జీతానికి బదులు వచ్చే లాభమేనని సెక్షన్ 17(3) చెబుతుంది. ఉద్యోగి కట్టాల్సిన బిల్లును కంపెనీయే నేరుగా మూవర్స్‌కు కట్టినా, అది ఉద్యోగి తరఫున తీర్చిన బాధ్యతగా లెక్కించి పెర్క్విజిట్ కింద పన్ను వేసే వీలుంది. కొన్ని కంపెనీలు కొత్తవాళ్ల బిల్లులకూ పన్ను కోయకుండా ఇస్తాయి, మరికొన్ని పూర్తిగా కోస్తాయి. కాబట్టి ఆఫర్ లెటర్ మీద సంతకానికి ముందే హెచ్‌ఆర్‌ను అడగాల్సిన ప్రశ్న ఒకటే: ‘నేను బిల్లులిస్తే ఆ సొమ్ము ఫారం 16లో పన్ను ఆదాయంగా కనిపిస్తుందా?’ కనిపిస్తుందంటే రీయింబర్స్‌మెంట్‌కు ఉన్న ఒకే ఒక్క మేలు పోయినట్టే. అప్పుడు రొక్కమే అడగాలి. ఇంకా మంచిది, పన్ను భారం కూడా కంపెనీయే మోయమని అడగడం. 20.8 శాతం స్లాబులో లక్ష చేతికి రావాలంటే కంపెనీ దాదాపు 1,26,260 చూపించాలి. ఎందుకంటే కంపెనీ మోసిన పన్ను కూడా జీతమే, దానిమీదా పన్ను పడుతుంది.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఈ తేడాను మరోలా చూస్తారు. అక్కడ 2017 చివర్లో వచ్చిన పన్ను చట్టం 2018 నుంచి సైనికులు మినహా ఉద్యోగుల తరలింపు ఖర్చుల మినహాయింపును ఆపేసింది. 2025 చట్టం దాన్ని శాశ్వతం చేసింది. బిల్లులిచ్చినా రొక్కమిచ్చినా రెండూ జీతమే. పదివేల డాలర్లు ఇస్తే మామూలుగా కోసే 22 శాతం ఫెడరల్ పన్నూ, 7.65 శాతం సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలూ పోగా 7,035 డాలర్లు మిగులుతాయి. రాష్ట్ర పన్ను ఉంటే ఇంకా తక్కువ. అందుకే అక్కడ బేరమంతా కంపెనీ ఆ పన్నును కూడా మోస్తుందా లేదా అన్నదాని మీదే నడుస్తుంది. బ్రిటన్‌లో అర్హమైన తరలింపు ఖర్చులకు 8,000 పౌండ్ల వరకూ పన్ను లేదు. అమెరికా స్నేహితుడి అనుభవం విని హైదరాబాద్‌లో ‘ఎలాగైనా పన్ను పడేదే’ అనుకుని బిల్లులు పారేయడం మనవాళ్లు చేస్తున్న పొరపాట్లలో ఒకటి.

మళ్లీ మన దేశానికొస్తే, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పద్ధతి రొక్కం, బిల్లుల పద్ధతుల కలగలుపు. ఏడో వేతన సంఘం తర్వాత, 20 కిలోమీటర్లకు మించిన బదిలీకి మూల వేతనంలో 80 శాతం ఒకేసారి ఇస్తారు. ప్రయాణానికీ సామానుకూ అర్హతను బట్టి వేరుగా ఇస్తారు. చిల్లర ఖర్చులకు రొక్కం, పెద్ద ఖర్చులకు లెక్క అన్న ఈ ఏర్పాటు నాకు ప్రైవేటు కంపెనీల ఏ ఒక్క పద్ధతి కన్నా న్యాయంగా కనిపిస్తుంది. బిల్లు దొరకని ఖర్చులు బదిలీలో తప్పవు. గ్యాస్ కనెక్షన్ మార్పు, ఏసీ విప్పి మళ్లీ బిగించడం, పాత ఇంటికి నోటీసు కాలపు అద్దె లాంటివాటికి రీయింబర్స్‌మెంట్ జవాబు చెప్పదు.

బస విషయంలో ఒక చిన్న అవకాశం ఉంది. బదిలీ మీద వచ్చినవాళ్లకు కంపెనీ హోటల్ గది ఇస్తే, మొత్తం 15 రోజుల వరకూ దాన్ని పెర్క్విజిట్‌గా లెక్కించరు. కాబట్టి ఇల్లు దొరికేదాకా హోటల్ కంపెనీయే బుక్ చేసి కట్టేలా చూసుకుంటే, ఆ సొమ్ము భత్యంలోంచి తియ్యనక్కర్లేదు.

సమయం కూడా లెక్కలోకి వస్తుంది. రీయింబర్స్‌మెంట్‌లో ముందు సొమ్ము ఉద్యోగిదే పోతుంది. మూవర్స్‌కు లోడింగ్ రోజున సగం, దింపిన రోజున మిగతాది కట్టాలి. క్లెయిమ్ సొమ్ము నెల తర్వాతో ఇంకా ఆలస్యంగానో వస్తుంది. ఆ మధ్యలో క్రెడిట్ కార్డు వడ్డీ పడితే లాభం కరిగిపోతుంది. రొక్కంలో సొమ్ము ముందే వస్తుంది కానీ, దానిమీద పన్నంతా ఆ నెల జీతంలోనే కోసేస్తే ఆ నెల జీతం చిక్కిపోయి కనిపిస్తుంది. సంవత్సరాంతంలో ఆధారాలు సమర్పించే గడువు సాధారణంగా జనవరిలో పెడతారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో బదిలీ అయినవాళ్ల బిల్లులు ఆ గడువు దాటిపోతాయి. అలాంటివాళ్లు బిల్లులు దాచుకుని రిటర్న్‌లోనే మినహాయింపు తీసుకోవాల్సి వస్తుంది.

చివరిగా, తిరిగి కట్టే షరతు. రెండు పద్ధతుల్లోనూ కంపెనీలు ఏడాదిలోనో రెండేళ్లలోనో ఉద్యోగం మానేస్తే సొమ్ము వెనక్కి ఇవ్వాలంటాయి. రీయింబర్స్‌మెంట్‌లో తీసుకున్నది 71,000, ఇవ్వాల్సింది కూడా 71,000. రొక్కంలో మాత్రం తీసుకున్నది 79,200, కాగితం ప్రకారం ఇవ్వాల్సింది లక్ష. అదే ఆర్థిక సంవత్సరంలో వెళ్తే పేరోల్ ఆ లక్షను జీతంలోంచి తగ్గించి, పన్ను సర్దుబాటు చేసే వీలుంటుంది. మార్చి దాటాక వెళ్తే, గత సంవత్సరం కట్టిన 20,800ను తిరిగి రాబట్టడం ఉద్యోగి తలనొప్పి. అందుకే రొక్కం ఎంచుకునేవాళ్లు ‘పన్ను పోగా చేతికి వచ్చిన మొత్తం మేరకు మాత్రమే’ అనీ, ‘పనిచేసిన ప్రతి నెలకూ ఆ మొత్తం సమాన భాగాలుగా తగ్గుతూ వస్తుంది’ అనీ ఆ షరతులో రాయించుకోవాలి. రాతపూర్వకంగా అడిగితే చాలామంది హెచ్‌ఆర్ మేనేజర్లు ఈ రెండు మాటలూ చేర్చడానికి అభ్యంతరం చెప్పరు.